చూసిందెంత, చూడలేనిదెంత: వీడియో వైద్య సంప్రదింపును నోటుగా రాయడం

డాక్టరుతో వీడియోలో పది నిమిషాలు మాట్లాడి, ఆ మాటలన్నీ ఉన్నవున్నట్టు దించి రాస్తే సుమారు వెయ్యి పదాలవుతాయి. అందులో చాలా భాగం "వినపడుతోందా అండీ", "ఫోను కాస్త పైకెత్తమ్మా" లాంటి మాటలే. రోగిని మర్నాడు చూడబోయే వైద్యుడికి ఇదంతా చదివే తీరిక ఉండదు. నిమిషంలో చదివేసి, చెయ్యాల్సిందేమిటో తెలుసుకోగల నోటు కావాలి. వెయ్యి పదాల్ని రెండొందలకు కుదించడం పెద్ద కష్టమేమీ కాదు. కుదించేటప్పుడు ఏది పోకూడదు, లేనిది ఏది వచ్చి చేరకూడదు అన్నదే చిక్కు.

మన దేశంలో దీనికి ఆధారమైన పత్రం టెలిమెడిసిన్ ప్రాక్టీస్ మార్గదర్శకాలు. 2020 మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైన రోజునే వచ్చాయి. వైద్యుల వృత్తి నియమావళి 2002కి ఐదో అనుబంధంగా చేరాయి. సంప్రదింపు తాలూకు రికార్డు, రిపోర్టులు, ప్రిస్క్రిప్షను వైద్యుడు భద్రపరచాలని అవి చెబుతాయి. రోగి తానే ఫోను చేస్తే సమ్మతి ఉన్నట్టే లెక్క. వైద్యుడో, ఆరోగ్య కార్యకర్తో, ఇంట్లోవాళ్ళో మొదలుపెడితే మాత్రం రోగి సమ్మతిని స్పష్టంగా అడిగి నమోదు చెయ్యాలి. శారీరక పరీక్ష తప్పనిసరి అనిపించిన చోట, అది జరిగేదాకా ముందుకు వెళ్ళవద్దని కూడా అందులో ఉంది. ఈ చివరి మాట బరువైనది. దాన్ని పాటించామో లేదో తర్వాత ఎవరైనా తేల్చాలంటే వైద్యుడికి ఏం కనబడింది, ఏం కనబడలేదు అన్నది నోటులో ఉండాలి. అయితే ఆ పత్రంతో పాటు ఇచ్చిన ప్రిస్క్రిప్షను నమూనాలో బాధలకు, పూర్వ చరిత్రకు, పరీక్షల ఫలితాలకు, తాత్కాలిక నిర్ధారణకు, సూచనలకు గడులున్నాయి కానీ, చూడలేకపోయిన వాటికి విడిగా గడి లేదు. ఇది టెలిసంప్రదింపులో రాసిన చీటీ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టారు.

పాత పద్ధతి కూడా ఇక్కడ పూర్తిగా అక్కరకు రాదు. అమెరికా వైద్యుడు లారెన్స్ వీడ్ 1968లో ప్రచారంలోకి తెచ్చిన సమస్యల వారీ రికార్డు నుంచి వచ్చిన నాలుగు భాగాల నోటును, మనవాళ్ళు సోప్ నోటు అనేదాన్ని, ఇప్పటికీ ప్రతి వైద్య విద్యార్థీ నేర్చుకుంటాడు. రోగి చెప్పింది, వైద్యుడు కనుగొన్నది, అంచనా, చెయ్యబోయేది అని నాలుగు భాగాలు. రెండో భాగం వైద్యుడి చేతులు, స్టెతస్కోపు చెప్పే మాట. వీడియోలో ఆ చేతులు ఉండవు. అక్కడ ఉండేది కెమెరాలో కనబడింది, ఇంట్లోవాళ్ళు కొలిచి చెప్పింది, వైద్యుడు చెప్పగా వాళ్ళు చేసి చూపించింది. ఈ మూడింటినీ "పరీక్షలో తేలినవి" అన్న ఒకే శీర్షిక కింద కలిపేస్తే, చదివే వైద్యుడు అవన్నీ ఇంకో వైద్యుడి చేతికి తగిలినవే అనుకుంటాడు. వీడియో నోటుల్లో కనబడే తప్పుల్లో చాలా వాటికి మూలం ఈ కలగాపులగమే.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. సంభాషణ వివరణ కోసం అల్లిందే కానీ, ఇందులోని ప్రతి మలుపూ ఇలాంటి సంప్రదింపుల్లో రోజూ ఎదురయ్యేదే. పల్నాడులో ఒక మిర్చి రైతు, వయసు 57. మధుమేహం ఉంది. సాయంత్రం కోడలు ఫోను పట్టుకుంది, ఆయన మంచం మీద కూర్చున్నాడు.

డాక్టరు: చెప్పండి, కాలికి ఏమైంది?

రోగి: ఏముందండీ, కుడికాలి బొటనవేలి కింద చిన్న పుండు. మొన్న చెప్పు కరిచింది.

కోడలు: మొన్న కాదు డాక్టరు గారూ, పది పదిహేను రోజులైంది. మావయ్యగారు మాకు చెప్పలేదు.

డాక్టరు: నొప్పి ఉందా?

రోగి: నొప్పేం లేదండీ. నడుస్తున్నాను, పొలం వెళ్తున్నాను.

డాక్టరు: షుగరుకి ఏం వాడుతున్నారు?

కోడలు: మెట్‌ఫార్మినండీ, పొద్దున ఒకటి రాత్రి ఒకటి. (మాట తెగింది) ...వందలు అని ఉంది.

డాక్టరు: ఈ మధ్య షుగరు చూశారా?

కోడలు: నిన్న పొద్దున ఇంట్లో మిషనుతో చూశాం. మూడొందల పన్నెండు. అప్పటికే టీ తాగేశారు.

డాక్టరు: జ్వరం ఏమైనా?

కోడలు: రాత్రి ఒళ్ళు వెచ్చగా అనిపించింది. థర్మామీటరు లేదండీ.

డాక్టరు: ఫోను పుండు దగ్గరికి తీసుకురామ్మా. ఇదేంటి, పసుపు రాశారా?

కోడలు: అవునండీ, పొద్దున రాశాం.

డాక్టరు: శుభ్రమైన నీళ్ళతో మెల్లగా కడిగి చూపించు. ఊఁ, పాదం మీద వాపు కనబడుతోంది. ఎరుపు ఎంతవరకుందో ఈ లైటులో తెలియడం లేదు.

తర్వాత డాక్టరు రోగిని కళ్ళు మూసుకోమన్నాడు. రెండు పాదాల్లోనూ బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలి కొసల మీద చూపుడు వేలితో ఒకటి రెండు క్షణాలు తేలిగ్గా ఆనించమని కోడలికి చెప్పాడు. తగిలినప్పుడల్లా రోగి చెప్పాలి. దీన్ని ఇప్స్‌విచ్ స్పర్శ పరీక్ష అంటారు. ఆరు చోట్లలో రెండు, లేదా అంతకన్నా ఎక్కువ చోట్ల తెలియకపోతే పాదం స్పర్శ కోల్పోయినట్టు అనుమానించాలి. పనిముట్టు ఏదీ అక్కర్లేదు, ఇంట్లోవాళ్ళు చెయ్యగలరు. అందుకే దూరవైద్యానికి పనికొచ్చే కొద్దిపాటి పరీక్షల్లో ఇదొకటి. ఈయనకు కుడిపాదంలో మూడు చోట్లా, ఎడమ పాదంలో ఒక చోటా తెలియలేదు.

చివరికి డాక్టరు ఇలా అన్నాడు: "ఇన్ఫెక్షను లోపలికి దిగిందేమోనని నా అనుమానం. ఎముక దాకా వెళ్ళిందో లేదో ఇక్కణ్ణుంచి చెప్పలేను, కాలికి రక్తం సరిగ్గా అందుతోందో లేదో పట్టి చూడలేను. రేపు పొద్దున్నే సర్జనుకి చూపించండి. ఈలోపు ఆ కాలు నేల మీద మోపొద్దు. వేడినీళ్ళలో పెట్టొద్దు, పసుపు రాయొద్దు. శుభ్రమైన పొడిగుడ్డ కట్టండి. చలిజ్వరం వచ్చినా, వేలు నల్లబడినా, వాపు పైకి పాకినా రాత్రే ఆసుపత్రికి వెళ్ళిపోండి." రోగి: "రేపు కోతకి కూలీలొస్తారండీ. ఎల్లుండి వెళ్తే?" డాక్టరు: "వద్దండీ, రేపే."

దీన్ని తొందరలో నోటుగా మారిస్తే సాధారణంగా ఇలా వస్తుంది: "కుడి బొటనవేలి కింద పుండు, 2 రోజులు. మధుమేహం, మెట్‌ఫార్మిన్ 500 రోజుకు రెండుసార్లు. నొప్పి, జ్వరం లేవు. షుగరు 312. వాపు ఉంది, ఎరుపు లేదు. మధుమేహ పాదం ఇన్ఫెక్షను. సర్జనుకు రిఫర్ చేశాం. టెలిమెడిసిన్ పరిమితులు వివరించాం." చూడ్డానికి పొందిగ్గా ఉంది. సంభాషణ పక్కన పెట్టి చదివితే దాదాపు ప్రతి వాక్యమూ ఎక్కడో ఒకచోట జారింది.

రోగి చెప్పిన రెండు రోజులు వచ్చాయి, కోడలు చెప్పిన పది పదిహేను రోజులు పోయాయి. రెండు రోజుల పుండుకీ రెండు వారాల పుండుకీ సర్జను ఆలోచన వేరుగా ఉంటుంది. ఇద్దరి మాటా రాసి, ఎవరు ఏది చెప్పారో చూపడమే న్యాయం. తేల్చడం నోటు రాసేవాడి పని కాదు. మెట్‌ఫార్మిన్ బలం దగ్గర మాట తెగింది, వినబడింది "వందలు" ఒక్కటే. అది ఎనిమిది వందల యాభై కాదని రూఢి అయినా, అయిదు వందలు అన్నది అలవాటు కొద్దీ పూడ్చిన ఖాళీ. మందుల మోతాదులో ఇలాంటి పూడ్పులు అన్నిటికన్నా ప్రమాదకరం, ఎందుకంటే తర్వాతి నోటులన్నీ ఆ అంకెనే నకలు చేసుకుంటూ పోతాయి. "బలం వినబడలేదు, పట్టీ చూసి నిర్ధారించాలి" అని రాయడం అవమానమేమీ కాదు.

"జ్వరం లేదు" ఇంకా పెద్ద తప్పు. అక్కడ ఉన్నది వెచ్చగా అనిపించిందన్న మాట, కొలవలేదన్న నిజం. ఉంది, లేదు అన్న రెండు జవాబులే కాదు, వైద్యంలో అడగలేదు, అడిగాం కానీ తెలియలేదు, కొలవలేదు అన్నవి కూడా ఉన్నాయి. నోటు కుదించేటప్పుడు ఇవన్నీ "లేదు"లోకి జారిపోతాయి. సంభాషణ పాఠంలో ఛాతీ నొప్పి ప్రస్తావనే లేకపోతే "ఛాతీ నొప్పి లేదు" అని రాయడం కల్పనే అవుతుంది. అచ్చులో ఎంత అమాయకంగా కనబడినా సరే. "ఎరుపు లేదు" కూడా ఇదే కోవలోది. పసుపు మరక, బల్బు వెలుతురు, చామనఛాయ చర్మం, ఫోను కెమెరా రంగులు మార్చే తీరు, ఇన్నింటి మధ్య డాక్టరు చెప్పింది తెలియడం లేదని.

నొప్పి సంగతి వేరు. రోగి నొప్పి లేదన్నాడు, అది నిజమే, నోటులో రావాలి. కానీ అది స్పర్శ పరీక్ష ఫలితం పక్కనే రావాలి. ఆరింటిలో నాలుగు చోట్ల తాకింది తెలియని మనిషికి నొప్పి లేకపోవడం ఊరటనిచ్చే సంగతి కాదు, హెచ్చరిక. రెండూ నోటులో దూరదూరంగా పడితే మొదటిది చదివినవాడు నిశ్చింతగా ఉండిపోతాడు. తొందరపాటు నోటులో స్పర్శ పరీక్ష అసలే లేదు. మొత్తం సంప్రదింపులో వైద్యుడు సంపాదించిన అత్యంత విలువైన సమాచారం అదే.

ఇక నిర్ధారణ. "లోపలికి దిగిందేమోనని అనుమానం" అన్నది "ఇన్ఫెక్షను" అయిపోయింది. సందేహాన్ని సూచించే చిన్న పదాలు కుదింపులో అన్నిటికన్నా ముందు రాలిపోతాయి, వాక్యాన్ని పొడిగించేవి అవే కాబట్టి. ఈ కేసులో అవి నిలవాలి. పాదం ఇన్ఫెక్షను తీవ్రతను లెక్కించడానికి అంతర్జాతీయంగా వాడే కొలమానంలో పుండు చుట్టూ ఎరుపు 2 సెం.మీ. దాటిందా, పుండు చర్మం కింది పొరల్లోకి దిగిందా అన్నవి తేలిక ఇన్ఫెక్షనుకీ మధ్యస్థానికీ మధ్య గీత గీస్తాయి. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటడం, నాడి నిమిషానికి 90 దాటడం లాంటివి తీవ్రమైనదాన్ని పట్టిస్తాయి. ఈ సంప్రదింపులో ఎరుపు తెలియలేదు, లోతు తెలియలేదు, ఉష్ణోగ్రత, నాడి కొలవలేదు. అంటే తీవ్రతను నిర్ణయించే ముక్కలు ఏవీ చేతిలో లేవు. అందుకే డాక్టరు మర్నాడే పంపించాడు. సలహాకు కారణం పరిమితే.

చాలా నోటుల్లో పరిమితుల వాక్యం ఎందుకు పనికిరాకుండా పోతుందో ఇక్కడ తెలుస్తుంది. "టెలిమెడిసిన్ పరిమితులు వివరించాం" అన్నది ఏ రోగికైనా, ఏ రోజైనా అతికించగల ముద్ర. వివాదం వస్తే తనను కాపాడుతుందని రాసేవాడి నమ్మకం కావచ్చు. నా అభిప్రాయంలో అది కాపాడేదీ తక్కువే, తర్వాతి వైద్యుడికి ఉపయోగపడేదైతే బొత్తిగా లేదు. పనికొచ్చే పరిమితిలో మూడు సంగతులుంటాయి: ఏది చూడలేకపోయాం, ఎందువల్ల, దానివల్ల ఏం చేశాం. "పాదంలో నాడులు పట్టి చూడలేదు, కనుక రక్తప్రసరణ తెలియదు, సర్జను చూడాలి" అని ఉంటే, సర్జను ఆ వాక్యం చదివి నేరుగా పాదం పైన, చీలమండ వెనక నాడుల మీద వేళ్ళు పెడతాడు.

అదే సంభాషణకు నిలబడగల నోటు ఇలా ఉంటుంది.

సంప్రదింపు: వీడియో, సాయంత్రం, ఇంటి నుంచి. రోగి 57 ఏళ్ళ పురుషుడు. కోడలు పక్కనుండి ఫోను పట్టుకున్నారు, కొంత సమాచారం ఆమె చెప్పారు. మధ్యలో ఒకచోట ధ్వని తెగింది.

బాధ: కుడిపాదం బొటనవేలి కింద పుండు, చెప్పు కరిచి. రోగి "మొన్న" అన్నారు. కోడలు 10–15 రోజులన్నారు. నొప్పి లేదన్నారు (స్పర్శ కింద చూడండి). నడుస్తున్నారు, పొలం వెళ్తున్నారు. నిన్న రాత్రి ఒళ్ళు వెచ్చగా అనిపించింది, కొలవలేదు.

పూర్వం: మధుమేహం, ఎన్నేళ్ళుగా అన్నది అడగలేదు. మెట్‌ఫార్మిన్ రోజుకు రెండుసార్లు, బలం వినబడలేదు.

ఇంట్లో కొలిచినది: షుగరు 312, నిన్న ఉదయం, టీ తర్వాత.

కెమెరాలో కనబడినది: పుండు, పసుపు కడిగాక. పాదం మీద వాపు.

చెప్పి చేయించినది: వేలి స్పర్శ పరీక్ష, కోడలు చేశారు. 6 చోట్లలో 4 తెలియలేదు (కుడి 3, ఎడమ 1).

అంచనా: స్పర్శ తగ్గిన మధుమేహ పాదంలో పుండు, ఇన్ఫెక్షను లోతుకు దిగిందన్న అనుమానం. తీవ్రత నిర్ణయించలేదు.

చూడలేనివి: ఎరుపు వ్యాప్తి (వెలుతురు, పసుపు మరక), పుండు లోతు, ఎముక తగలడం, పాదంలో నాడులు, ఉష్ణోగ్రత, నాడి వేగం. ఈ కారణంగా రేపు ఉదయమే నేరుగా పరీక్ష అవసరం.

సలహా: రేపు ఉదయం సర్జను. అంతదాకా కాలు నేల మీద మోపవద్దు. వేడినీళ్ళు, పసుపు వద్దు. శుభ్రమైన పొడిగుడ్డ కట్టు. కొత్త మందులేవీ రాయలేదు. చలిజ్వరం, వేలు నల్లబడటం, వాపు పాకడం: రాత్రే ఆసుపత్రికి. కోత పని ఉంది, ఎల్లుండి వెళ్తే ఏమని రోగి అడిగారు. రేపే వెళ్ళాలని మళ్ళీ చెప్పాం. ఒప్పుకున్నదీ లేనిదీ పాఠంలో లేదు.

ఆఖరి వాక్యం కొందరికి నచ్చకపోవచ్చు. కానీ ఫోను పెట్టేశాక నర్సు మళ్ళీ ఎవరికి ఫోను చెయ్యాలో చెప్పేది అదే. ఈ నోటులో డాక్టరు చెప్పని సలహా ఒక్కటీ లేదని కూడా గమనించాలి. చదివిన వైద్యుడెవరికైనా "ఇన్సులిను అవసరమేమో", "ధనుర్వాతం ఇంజక్షను అడగాల్సింది" అనిపించవచ్చు, సబబే. అయినా ఆ మాటలు సంభాషణలో జరగలేదు. నోటు రాసేవాడు వాటిని సలహాల వరుసలో చేరిస్తే రోగి విననిది విన్నట్టు రికార్డవుతుంది. అవసరమనిపిస్తే డాక్టరుకు వేరుగా చెప్పి, ఆయన రోగికి ఫోను చేశాక, ఆ సమయంతో చేర్చాలి.

వీడియోలో ఏ కొలతను ఎంతవరకు నమ్మవచ్చన్న చర్చ కోవిడ్ కాలంలో బాగా సాగింది. ఒక్క గుక్కలో ఎంతవరకు అంకెలు లెక్కపెట్టగలరో చూసి ఆక్సిజను అంచనా వేసే రోత్ స్కోరు 2020లో బాగా ప్రచారమైంది. దాన్ని నమ్ముకోవద్దని ఆక్స్‌ఫర్డు పరిశోధకులు అదే ఏడాది హెచ్చరించారు. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటరు నల్లజాతి రోగుల్లో అసలున్నదానికన్నా ఎక్కువ చూపే సందర్భాలు తెల్లవాళ్ళలో కన్నా ఎక్కువని 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం చూపింది. మన చర్మపు రంగులకు ఇది పట్టించుకోవాల్సిన సంగతే. నోటు రాసేవాడికి దీని అర్థం సూటిగా ఉంది: "ఆక్సిజన్ 95" అని వదిలెయ్యకుండా ఎవరి మిషను, ఎవరు పెట్టారు, కూర్చుని ఉండగానా నడిచాకా అన్నది కూడా రాయాలి. మరోవైపు కెమెరా బాగా చూపేవీ ఉన్నాయి. పసిబిడ్డ చొక్కా తీయించి, ఏడుపు ఆగాక, నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెడితే ఆ అంకె నమ్మదగిందే. ఏడాది నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో 40, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 చేరితే వేగంగా ఊపిరి తీస్తున్నట్టే. బిడ్డ డొక్కలెగరేస్తుంటే అదీ కనబడుతుంది. దూరవైద్యంలో పరీక్షే లేదనడం ఎంత తప్పో, అన్నీ చూశామనడం అంత తప్పు.

ఇంటి నుంచి కాక ఆరోగ్య కేంద్రం నుంచి మాట్లాడినప్పుడు చిత్రం మారుతుంది. ఆరోగ్య కేంద్రాల ద్వారా నడిచే ఈసంజీవని సేవను ఆంధ్రప్రదేశ్ 2019 నవంబరులో అన్ని రాష్ట్రాలకన్నా ముందు మొదలుపెట్టింది. అందులో రోగి పక్కన శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త ఉంటారు, దూరాన వైద్యుడు ఉంటాడు. మన రైతు అలా మాట్లాడి ఉంటే ఉష్ణోగ్రత, నాడి, షుగరు అక్కడే కొలిచి ఉండేవారు, పాదం మీద నాడి కూడా పట్టి చూసేవారు. చూడలేనివాటి జాబితా సగానికి సగం తగ్గేది. కానీ అప్పుడు కూడా "నాడి తగిలింది" అని రాస్తే సరిపోదు, "ఆరోగ్య కార్యకర్తకు తగిలింది" అని రాయాలి. ఆమె మీద అపనమ్మకంతో కాదు. రేపు ఆ నాడి దొరకకపోతే, నిన్న ఎవరి వేళ్ళకు దొరికిందో తెలిస్తేనే కాలి పరిస్థితి నిజంగా మారిందా లేదా అన్నది తేలుతుంది.

నోటు ఎవరు రాసినా, సంతకం చేసేది డాక్టరు. అదే రోజు, సంభాషణ జ్ఞాపకంలో ఉండగానే ఆయన చదవాలి. చదివేటప్పుడు అన్నిటికన్నా ముందు చూడాల్సినవి అంకెలు, "లేదు" అన్న మాటలు, కుడి ఎడమలు. పాఠంతో పోల్చి సరిచూడాల్సింది కూడా అవే. రోగి కోరితే రికార్డు 72 గంటల్లోపు ఇవ్వాలని వృత్తి నియమావళి చెబుతోంది కాబట్టి, రోగి చదువుతాడన్న ఎరుకతోనే రాయాలి. మర్నాడు కోడలు ఫోను చేసి మందు పట్టీ చూసి బలం చెప్పిందనుకుందాం. పాత వాక్యంలో ఆ ఖాళీని నింపకూడదు. తేదీ, సమయం, చెప్పిందెవరో రాసి కింద కొత్త పంక్తిగా చేర్చాలి. సర్జను చూసి ఎముక దాకా వెళ్ళిందని తేల్చినా అంతే. నిన్నటి "తీవ్రత నిర్ణయించలేదు" అలాగే ఉంటుంది, దాని కింద ఇవాళ్టి సంగతి వస్తుంది.